తిరిగితేనే దొరికే జాడ

ఇంజినీరింగ్ కాలేజీల్లో డ్రోన్ ప్రాజెక్టు చేసే విద్యార్థులకు 2212 మోటారు బాగా పరిచయం. గుప్పిట్లో ఇమిడిపోయే ఈ బ్రష్‌లెస్ మోటారు నుంచి బయటికి వచ్చేవి మూడంటే మూడే తీగలు. మూడూ కరెంటు మోసేవే. లోపల తిరిగే రోటార్ ఈ క్షణాన ఏ కోణంలో ఉందో చెప్పే తీగ వాటిలో ఒక్కటీ లేదు. అయినా దాన్ని నడిపే ఈఎస్‌సీ అనే చిన్న సర్క్యూట్ నిమిషానికి వేల చుట్లు తిప్పుతూ, సెకనుకు కొన్ని వేలసార్లు సరైన తీగలోకి సరైన సమయానికి కరెంటు పంపుతుంది. అదే విద్యార్థి ఎలక్ట్రిక్ స్కూటర్ చక్రంలోని హబ్ మోటారును పరిశీలిస్తే మూడు లావుపాటి తీగల పక్కన మరో ఐదు సన్నని తీగలు కనిపిస్తాయి. అవి రోటార్ స్థానాన్ని చెప్పే సెన్సర్ల తీగలు.

ఒక మోటారుకు అక్కర్లేని సెన్సర్లు మరో మోటారుకు ఎందుకు కావలసి వచ్చాయి? దీనికి జవాబు ధరలో కాదు, మోటారు లోపల పుట్టే ఒక వోల్టేజీలో ఉంది. దాని పేరు బ్యాక్ ఈఎంఎఫ్.

స్థానం తెలియకపోతే అడుగు పడదు

పాత రకం డీసీ మోటారులో కార్బన్ బ్రష్‌లు, రాగి ముక్కలతో చేసిన కమ్యుటేటర్ ఉంటాయి. రోటార్ తిరిగే కొద్దీ ఏ చుట్టలోకి కరెంటు వెళ్లాలో ఆ రాపిడే తేలుస్తుంది. బ్రష్‌లెస్ మోటారులో ఆ ఏర్పాటు లేదు. తీగచుట్టలు కదలకుండా స్టేటర్ మీద ఉంటాయి, అయస్కాంతాలు రోటార్‌తో పాటు తిరుగుతాయి. 2212 రకంలో సాధారణంగా స్టేటర్‌కు 12 పళ్లు, చుట్టూ గంటలా తిరిగే రోటార్ లోపలి అంచున 14 అయస్కాంతాలు ఉంటాయి. చుట్టలన్నీ మూడు గుంపులుగా కలిసి మూడు తీగలుగా బయటికి వస్తాయి. వీటినే ఫేజ్‌లు అంటారు.

ఈఎస్‌సీ ఒక్కో క్షణంలో మూడింట్లో రెండు ఫేజ్‌లకే కరెంటు ఇస్తుంది. మూడోదాన్ని ఖాళీగా వదిలేస్తుంది. ఏ రెండింటికి ఇవ్వాలన్నది ఆరు రకాలుగా మారుతుంది. ఆరు మార్పులు పూర్తయితే ఒక విద్యుత్ చక్రం, అంటే 360 ఎలక్ట్రికల్ డిగ్రీలు. 14 అయస్కాంతాలంటే ఏడు జతలు కాబట్టి రోటార్ ఒక్క చుట్టు తిరిగేలోపు ఇలాంటి చక్రాలు ఏడు గడుస్తాయి. మొత్తం 42 మార్పులు.

ప్రతి మార్పూ రోటార్ ఉన్న చోటుకు తగ్గట్టు జరగాలి. స్టేటర్ సృష్టించే అయస్కాంత క్షేత్రం రోటార్ కంటే సుమారు 90 ఎలక్ట్రికల్ డిగ్రీలు ముందుంటే లాగుడు బలంగా ఉంటుంది. అది రోటార్‌తో సరిగ్గా కలిసిపోతే ఎంత కరెంటు పోసినా తిప్పే బలం ఉండదు. వెనక్కి పడితే మోటారు ఎదురు తిరగబోతుంది.

స్థానం తెలుసుకోవడానికి సూటి మార్గం హాల్ సెన్సర్. అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ హాల్ 1879లో గుర్తించిన ప్రభావం ఆధారంగా పనిచేసే ఈ చిన్న చిప్ తన ముందున్న అయస్కాంతం ఉత్తరమా దక్షిణమా చెబుతుంది. అలాంటివి మూడు పెడితే ఆరు స్థితులూ తెలిసిపోతాయి. స్కూటర్ మోటారులోని ఐదు సన్న తీగలు వీటివే. మూడు సంకేతాలకు, రెండు చిప్‌లకు కరెంటు ఇవ్వడానికి.

అయితే సెన్సర్ పెట్టడం అన్నిచోట్లా కుదరదు. ఏసీ యంత్రంలోని కంప్రెసర్‌నే తీసుకుంటే, మోటారు వెల్డింగ్ చేసి మూసేసిన ఉక్కు డొల్లలో, రిఫ్రిజరెంట్ వాయువు, నూనె, వేడి మధ్య పనిచేస్తుంది. అక్కడ సున్నితమైన చిప్ ఎక్కువ కాలం బతకడం కష్టం. పైగా సన్న తీగలను బయటికి తేవడానికి వేసే ప్రతి రంధ్రమూ వాయువు లీకయ్యే దారే. మైక్రోప్రాసెసర్ సాయంతో సెన్సర్ లేకుండా బ్రష్‌లెస్ మోటారును నడిపే పద్ధతిని 1985లో జపాన్‌కు చెందిన ఈజుకా, ఆయన సహచరులు ఒక పరిశోధన పత్రంలో వివరించారు. ఖాళీగా వదిలిన మూడో ఫేజ్‌లో కనిపించే వోల్టేజీని చూసి రోటార్ జాడ పట్టడమే అందులోని కిటుకు. ఈనాటి మామూలు డ్రోన్ ఈఎస్‌సీలు ఎక్కువగా నడుస్తున్నదీ ఆ దారిలోనే.

ఖాళీ తీగ చెప్పే కబురు

తీగచుట్ట ముందు అయస్కాంతం కదిలితే తీగలో వోల్టేజీ పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న ఈ సూత్రం మీదే జనరేటర్లన్నీ నడుస్తాయి. మోటారు కూడా తిరుగుతున్నంతసేపూ జనరేటరే. బయటినుంచి మనం ఇచ్చే వోల్టేజీకి ఎదురుగా దానిలో ఒక వోల్టేజీ పుడుతూ ఉంటుంది. అదే బ్యాక్ ఈఎంఎఫ్.

దాని పరిమాణం వేగాన్ని బట్టి ఉంటుంది. పాత సైకిల్‌కు డైనమో దీపం ఉన్నవారికి ఇది అనుభవమే: జోరుగా తొక్కితే వెలుతురు, మెల్లగా తొక్కితే మసక, ఆగితే చీకటి.

మోటారు మీద రాసి ఉండే కేవీ అంకె ఈ లెక్కనే చెబుతుంది. ఇక్కడ కేవీ అంటే కిలోవోల్టు కాదు, ఒక వోల్టుకు ఎన్ని ఆర్‌పీఎం అన్నది. 920 కేవీ అని ఉంటే, ఆ మోటారు నిమిషానికి 920 చుట్లు తిరిగినప్పుడు ఏ రెండు తీగల మధ్య చూసినా బ్యాక్ ఈఎంఎఫ్ గరిష్ఠంగా సుమారు ఒక వోల్టు ఉంటుందని అర్థం.

ఖాళీగా ఉన్న ఫేజ్‌లో బయటి కరెంటు లేదు కాబట్టి, అక్కడ బ్యాక్ ఈఎంఎఫ్‌ను సూటిగా కొలవవచ్చు. ఒక మార్పు జరిగిన వెంటనే అది ఒక వైపు గరిష్ఠంగా ఉండి, 60 ఎలక్ట్రికల్ డిగ్రీలు గడిచేసరికి రెండో వైపు గరిష్ఠానికి చేరుతుంది. సరిగ్గా మధ్యలో, అంటే 30 డిగ్రీల దగ్గర, సున్నాను దాటుతుంది. ఈ క్షణాన్నే జీరో క్రాసింగ్ అంటారు. ఈఎస్‌సీ పట్టుకోవలసింది దీన్నే. సున్నా దాటిందంటే రోటార్ ఈ అడుగులో సగం దూరం వచ్చినట్టు. మిగిలిన సగానికి ఎంత సమయం పడుతుందో అంతకుముందు అడుగులను బట్టి లెక్కగట్టి, అంతసేపు ఆగి, తర్వాతి మార్పు చేస్తుంది. సున్నా అంటే మోటారు లోపల మూడు చుట్టలూ కలిసే బిందువుతో పోల్చి చూసిన సున్నా. ఆ బిందువు నుంచి తీగ బయటికి రాదు కాబట్టి, చాలా ఈఎస్‌సీలు మూడు రెసిస్టర్లతో దానికి నకలు తయారు చేసుకుంటాయి.

ఇప్పుడు ఈ 920 కేవీ మోటారు 6000 ఆర్‌పీఎం మీద ఉందనుకుందాం. రెండు తీగల మధ్య బ్యాక్ ఈఎంఎఫ్ సుమారు 6.5 వోల్టులు. ఒక్క ఫేజ్‌కు చూస్తే అందులో సగం, 3.26 వోల్టులు. అంటే ఖాళీ ఫేజ్ వోల్టేజీ ప్లస్ 3.26 నుంచి మైనస్ 3.26 దాకా జారుతుంది. రోటార్ సెకనుకు వంద చుట్లు, చుట్టుకు 42 మార్పులు, కాబట్టి సెకనుకు 4200 మార్పులు. ఒక్కో అడుగుకు 238 మైక్రోసెకన్లు. చిన్న మైక్రోకంట్రోలర్‌కు ఇది చాలినంత సమయం. సంకేతం కూడా స్పష్టంగా ఉంది. మోటారు నున్నగా తిరుగుతుంది.

నెమ్మదిస్తే ఏమవుతుంది

ఏ సర్క్యూట్ కొలిచినా కొంత తప్పు ఉంటుంది. వోల్టేజీలను పోల్చే కంపారేటర్‌కు తనదైన కొద్దిపాటి తేడా ఉంటుంది. నకలు బిందువును తయారు చేసే రెసిస్టర్లు మూడూ అచ్చంగా సమానం కావు. మాస్‌ఫెట్ స్విచ్‌లు సెకనుకు వేలసార్లు తెరుచుకుని మూసుకునేటప్పుడు పుట్టే గోల ఉండనే ఉంది. అదీకాక పూర్తి చార్జి మీద 12.6 వోల్టులుండే బ్యాటరీ వోల్టేజీని 3.3 వోల్టుల చిప్ భరించలేదు. అందుకే కొలిచే ముందు వోల్టేజీని నాలుగో వంతుకో, ఇంకా తక్కువకో దించుతారు. దాంతోపాటు మనకు కావలసిన సంకేతమూ చిక్కిపోతుంది. ఇవన్నీ కలిపి, మోటారు తీగ దగ్గర లెక్కలో, 50 మిల్లీవోల్టుల తప్పు వస్తుందనుకుందాం.

6000 ఆర్‌పీఎం వద్ద ఖాళీ ఫేజ్ వోల్టేజీ 60 డిగ్రీల్లో 6.5 వోల్టులు మారుతోంది. డిగ్రీకి సుమారు 109 మిల్లీవోల్టులు. 50 మిల్లీవోల్టుల తప్పు వల్ల జీరో క్రాసింగ్ అర డిగ్రీ కూడా అటూ ఇటూ కాదు. 600 ఆర్‌పీఎంకు దిగితే డిగ్రీకి 11 మిల్లీవోల్టులే. అదే తప్పు ఇప్పుడు దాదాపు నాలుగున్నర డిగ్రీలు. ఇదీ సర్దుకోదగ్గదే.

60 ఆర్‌పీఎం దగ్గర కథ మారిపోతుంది. ఫేజ్ బ్యాక్ ఈఎంఎఫ్ 33 మిల్లీవోల్టులు. ప్లస్ 33 నుంచి మైనస్ 33 దాకా జారే సంకేతాన్ని 50 మిల్లీవోల్టుల తప్పున్న సర్క్యూట్ చూస్తే, దానికి సున్నా దాటిన జాడే కనపడదు. గోల కలిసినప్పుడు ఇంకో చిక్కు. ఒక్కసారి దాటవలసిన సున్నాను సంకేతం పదిసార్లు దాటినట్టు కనిపిస్తుంది. అందులో ఏది నిజమో ఈఎస్‌సీ తేల్చుకోలేదు. ఇక ఆగిన రోటార్ దగ్గర బ్యాక్ ఈఎంఎఫ్ అసలే లేదు. ఎంత ఖరీదైన చిప్ పెట్టినా, ఎంత మంచి ప్రోగ్రాం రాసినా, పుట్టని వోల్టేజీని కొలవలేం.

సమయం వైపు నుంచి మరో దెబ్బ. 6000 ఆర్‌పీఎం వద్ద సెకనుకు 4200 సార్లు రోటార్ కబురు అందేది. 60 ఆర్‌పీఎం వద్ద అది 42 సార్లే, రెండు కబుర్ల మధ్య 24 మిల్లీసెకన్ల మౌనం. మిగిలిన సగం అడుగు ఎంతసేపట్లో పూర్తవుతుందన్నది వెనుకటి వేగాన్ని బట్టి వేసిన అంచనా మాత్రమే. ఆ 24 మిల్లీసెకన్లలో బరువు పెరిగి రోటార్ తగ్గినా, జారి ముందుకు పోయినా, తర్వాతి జీరో క్రాసింగ్ వచ్చేదాకా ఈఎస్‌సీకి తెలియదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. తక్కువ వేగం అన్నది ఫలానా ఆర్‌పీఎం అని అన్ని మోటార్లకూ ఒకటే గీత గీసేది కాదు. సీలింగ్ ఫ్యాన్ మోటారు పూర్తి వేగమే సుమారు 350 ఆర్‌పీఎం. దాని చుట్టలు ఆ వేగంలోనే తగినంత బ్యాక్ ఈఎంఎఫ్ పుట్టేలా ఎక్కువ చుట్లతో తయారవుతాయి. కాబట్టి మోటారు తన పూర్తి వేగంలో ఎన్నో వంతు మీద తిరుగుతోందన్నదే ప్రశ్న. పదో వంతు దాకా సాధారణంగా ఇబ్బంది ఉండదు. వందో వంతుకు దిగితే జాడ దొరకడం గగనం.

లెక్కతో పట్టినా అంతే

ఆరు అడుగుల పద్ధతికి బదులు మూడు ఫేజ్‌లలోనూ ఎప్పుడూ కరెంటు నున్నగా పారించే పద్ధతి ఒకటుంది. దాన్ని ఎఫ్‌ఓసీ అంటారు. ఇందులో ఖాళీ ఫేజ్ ఉండదు కాబట్టి బ్యాక్ ఈఎంఎఫ్‌ను సూటిగా కొలిచే వీలు లేదు. లెక్కగట్టి తీయాలి:

```
e = v − R·i − L·di/dt
```

మోటారుకు ఇచ్చిన వోల్టేజీ v నుంచి, తీగ నిరోధం R లో పోయిన భాగాన్నీ, కరెంటు మారేటప్పుడు చుట్ట ఇండక్టెన్స్ L అడ్డుకున్న భాగాన్నీ తీసేస్తే మిగిలేది బ్యాక్ ఈఎంఎఫ్ e. వేగంగా తిరిగేటప్పుడు మిగిలేది పెద్ద సంఖ్య. R విలువలో కొంచెం పొరపాటున్నా నష్టం లేదు.

నెమ్మదిగా తిరిగేటప్పుడు చూద్దాం. మన మోటారులో రెండు తీగల మధ్య నిరోధం 0.1 ఓం, కరెంటు 10 ఆంపియర్లు అనుకుంటే, నిరోధంలో పోయేదే ఒక వోల్టు. 60 ఆర్‌పీఎం వద్ద బ్యాక్ ఈఎంఎఫ్ 0.065 వోల్టులు. రాగి నిరోధం ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.39 శాతం పెరుగుతుంది. మోటారు 25 డిగ్రీలు వేడెక్కితే నిరోధం దాదాపు పది శాతం పెరుగుతుంది, లెక్కలో 0.1 వోల్టు తప్పు వస్తుంది. వెతుకుతున్న సంఖ్య కంటే తప్పే పెద్దది. ఉదయం చల్లని మోటారుతో సక్రమంగా నడిచిన ప్రోగ్రాం మధ్యాహ్నం అదే వేగంలో తడబడటానికి ఇదొక కారణం.

చూపు లేకుండా వేసే తొలి అడుగులు

ఆగి ఉన్న మోటారును మరి మొదలుపెట్టడం ఎలా? ఈఎస్‌సీ మూడు దశల్లో ఈ పని చేస్తుంది. ముందు రెండు ఫేజ్‌లలోకి కొద్దిగా కరెంటు పంపి రోటార్‌ను తెలిసిన ఒక చోటికి లాగుతుంది. ఈ దశలో రోటార్ ఒక్కోసారి వెనక్కి కాస్త ఊగుతుంది. రోటార్ సరిగ్గా ఎదురు దిశలో ఉంటే లాగుడు పనిచేయదు కాబట్టి, మరో జతతో ఇంకోసారి లాగడం మంచి అలవాటు. తర్వాతి దశలో రోటార్ వెంట వస్తుందన్న నమ్మకంతో, చూడకుండానే, అడుగులు వేస్తుంది. మొదట నెమ్మదిగా, క్రమంగా వేగం పెంచుతూ. చివరి దశలో వరుసగా కొన్ని జీరో క్రాసింగ్‌లు సరైన సమయానికి కనిపించగానే సొంత అడుగులు మానేసి రోటార్ చెప్పినట్టు నడుచుకుంటుంది.

మధ్య దశే అసలు గండం. రోటార్ బరువెక్కువై వెనకబడితే, లేదా అడుగులు మరీ తొందరగా వేస్తే, క్షేత్రం ముందుకు వెళ్లిపోతుంది, రోటార్ అక్కడే ఉండి అటూ ఇటూ కొట్టుకుంటుంది. చూసేవాళ్లకు ఇది సులభంగా తెలుస్తుంది: మోటారు వణుకుతుంది, కీచుమంటుంది, తిరగదు, తొందరగా వేడెక్కుతుంది. వేడికి కారణం కూడా బ్యాక్ ఈఎంఎఫ్ లేకపోవడమే. తిరిగే మోటారులో కరెంటును అదుపు చేసేది అదే. అది లేనప్పుడు 0.1 ఓం చుట్ట మీద 12 వోల్టులు పూర్తిగా పెడితే 120 ఆంపియర్లు పారాలి. అందుకే ఈఎస్‌సీ ఈ దశలో బ్యాటరీ వోల్టేజీలో అయిదు శాతం మేర మాత్రమే ఇచ్చినా ఆరు ఆంపియర్లు పారతాయి. ఇలా వణికే మోటారుకు థ్రాటిల్ పెంచి బతిమాలడం ప్రమాదం. వెంటనే ఆపి, మూడు తీగల్లో ఏదైనా ఊడిందేమో, ప్రొపెల్లర్ ఎక్కడైనా తగులుతోందేమో ముందు చూడాలి. అవి బాగుంటేనే మొదలుపెట్టే దశ సెట్టింగుల జోలికి వెళ్లాలి.

డ్రోన్ మోటారు ఈ గండాన్ని క్షణంలో దాటేస్తుంది. ప్రొపెల్లర్ తేలిక. పైగా గాలి ఎదురు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 6000 ఆర్‌పీఎం వద్ద ఉన్న బరువులో 600 ఆర్‌పీఎం వద్ద ఉండేది వందో వంతే. అంటే ఈఎస్‌సీకి చూపు ఆననప్పుడు మోటారు మీద బరువూ లేదు. బరువు పడే వేళకు చూపు వచ్చేస్తుంది. సీలింగ్ ఫ్యాన్‌కూ ఇదే వర్తిస్తుంది. దాని రెక్కలు బరువైనవి కాబట్టి తొలి అడుగులు నింపాదిగా వేయాలి. అందుకే కొన్ని బీఎల్‌డీసీ ఫ్యాన్లు స్విచ్ వేయగానే కాస్త ఊగి, తర్వాత మెల్లగా వేగం పుంజుకుంటాయి. గాలికి ముందే తిరుగుతున్న ఫ్యాన్‌ను మొదలుపెట్టాలంటే, మంచి కంట్రోలర్ ముందు తీగల్లో పుట్టే వోల్టేజీ చూసి దిశ తెలుసుకుంటుంది. సరైన దిశైతే అందుకుంటుంది, ఎదురు దిశైతే ముందు ఆపుతుంది.

స్కూటర్‌ది పూర్తిగా వేరే అవసరం. ఇద్దరు కూర్చుని ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆగి మళ్లీ కదలాలంటే, చక్రం సున్నా వేగంలో ఉండగానే అత్యధిక బలం కావాలి. చూడకుండా వేసే అడుగులకు ఆ బరువు లొంగదు. బండి ముందు వెనక్కి ఊగినా, కుదుపుతో కదిలినా నడిపేవారికి ప్రమాదమే. హాల్ సెన్సర్లకు ఈ చిక్కు లేదు, అవి ఆగిన అయస్కాంతాన్నీ గుర్తిస్తాయి.

మరో దారి, దాని హద్దు

ఆగిన రోటార్ జాడను సెన్సర్ లేకుండా పట్టే మార్గం కూడా పరిశోధకులు కనుగొన్నారు. అమెరికాలో జాన్సెన్, లోరెంజ్ వంటి పరిశోధకులు 1990లలో దీన్ని బాగా ముందుకు తీసుకెళ్లారు. ఇది బ్యాక్ ఈఎంఎఫ్ మీద ఆధారపడదు. మోటారులోకి ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న చిన్న వోల్టేజీని పంపి, దానికి కరెంటు ఎలా స్పందిస్తుందో చూస్తుంది. రోటార్‌లోని ఇనుము, అయస్కాంతాల అమరికను బట్టి చుట్టల ఇండక్టెన్స్ కోణంతో పాటు మారే మోటార్లలో, ఆ స్పందనే స్థానాన్ని చెబుతుంది. అయస్కాంతాలను ఇనుము లోపల పొదిగిన మోటార్లలో ఈ మార్పు పెద్దది. 2212లా అయస్కాంతాలను ఉపరితలం మీద అతికించిన వాటిలో అది చాలా స్వల్పం. కరెంటు పెరిగి ఇనుము సంతృప్తమైతే ఉన్న కాస్త మార్పూ చెరిగిపోవచ్చు. పంపే సంకేతం సన్నని ఈలలా చెవికి వినిపించవచ్చు కూడా. అందుకే ఇది తక్కువ వేగంలో మాత్రమే వాడి, వేగం పెరగగానే బ్యాక్ ఈఎంఎఫ్ పద్ధతికి మారిపోతారు.

ప్రాజెక్టుకో, చిన్న పరిశ్రమకో బ్రష్‌లెస్ మోటారు ఎంచుకునేవారు అడగవలసిన ప్రశ్న ఒకటే: ఆగి ఉన్నప్పుడు లేదా పాకుతున్నప్పుడు ఈ మోటారు మీద ఎంత బరువు పడుతుంది? వేగంతో పాటు బరువు పెరిగే ప్రొపెల్లర్, ఫ్యాన్, బ్లోయర్, సెంట్రిఫ్యూగల్ పంపు లాంటివాటికి మూడు తీగల మోటారు చాలు. సెన్సర్లు పెట్టడం అనవసరపు ఖర్చు, చెడిపోయే మరో భాగం. ఆగినచోటి నుంచే బరువు లాగాల్సిన స్కూటర్‌కు, సరుకు మోసే బండికి, బరువు ఎత్తి ఒకచోట నిలపాల్సిన రోబో చేతికి సెన్సర్ ఉన్న మోటారునే తీసుకోవాలి.